వెడల్పులో సగం లోతు ఎందుకు?

(పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థులు, సైట్లలో పనిచేస్తున్న యువ ఇంజినీర్ల ముందు నీటిపారుదల రంగంలో పనిచేసిన ఒక ఇంజినీరు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది చూడండి. మామూలు తగరపు రేకు. వెడల్పు 40 సెంటీమీటర్లు. పొడవు ఎంతైనా మనకు పట్టింపు లేదు. దీని రెండు అంచులనూ నిలువుగా పైకి మడిస్తే దోనె వస్తుంది. ఇంటి చూరు కింద వాన నీటికి కట్టే దోనె లాంటిదే. అందులో వీలైనంత ఎక్కువ నీరు పట్టాలంటే ఎంత మేర మడవాలి? అదే ప్రశ్న. ఈ రోజంతా మనకు ఇదొక్కటే ప్రశ్న.

ముందు వరుసలో ఉన్న బాబు 5 సెంటీమీటర్లు అంటున్నాడు. సరే, అటు 5, ఇటు 5 మడిస్తే అడుగు 30 మిగులుతుంది. 30 ఐదులు 150 చదరపు సెంటీమీటర్లు. ఇంకా ఎక్కువ మడుద్దాం. 8 మడిస్తే అడుగు 24, వైశాల్యం 192. బాగా పెరిగింది కదా? 12 మడిస్తే అడుగు 16, మళ్లీ 192. ఇక 10 మడిస్తే? అడుగు 20, వైశాల్యం 200. అన్నిటికంటే ఎక్కువ అదే. లోతు 10, వెడల్పు 20. లోతు వెడల్పులో సగం.

మీ పుస్తకంలో ఉన్న ఫలితం ఇదే. దీర్ఘచతురస్రాకార కాలువకు ఉత్తమ హైడ్రాలిక్ సెక్షన్ కావాలంటే b = 2y. పరీక్షలో ఇది రాస్తే మార్కులు వస్తాయి. కానీ ఎందుకు సగం? మూడో వంతు ఎందుకు కాకూడదు? లోతూ వెడల్పూ సమానంగా, చతురస్రంలా ఎందుకు ఉండకూడదు? రేకును మరొక్కసారి చూడండి. 40లో అడుగు తీసుకున్నది 20. రెండు గోడలూ కలిసి తీసుకున్నది 20. అడుగుది సగం, గోడలది సగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ మాటలోనే ఉంది.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. కాలువలో పారే నీటికి రేకు వెడల్పుతో ఏం పని? నీటిని వాలు వెంట కిందికి లాగేది ఏది? దాని బరువు. ఆపేది ఏది? అడుగూ గోడలూ నీటిని రాచుకునే చోట పుట్టే నిరోధం. పై ఉపరితలం మీద ఉన్నది గాలి మాత్రమే, అది ఆపేది లెక్కలోకి రానంత తక్కువ. పద్దెనిమిదో శతాబ్దంలో, 1769 ప్రాంతంలో, పారిస్ నగరానికి ఇవెట్ నది నుంచి నీళ్లు తెచ్చే కాలువకు లెక్కలు వేస్తూ ఆంత్వాన్ షెజీ అనే ఫ్రెంచి ఇంజినీరు సరిగ్గా ఇలాగే ఆలోచించాడు. లాగే బలం నీటి అడ్డుకోత వైశాల్యం A ని బట్టి ఉంటుంది. ఆపే బలం నీరు తడిపే చుట్టుకొలత P ని బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. కాలువ నిలకడగా పారుతున్నదంటే ఆ రెండు బలాలూ సరితూగాయన్న మాట. కాబట్టి వేగాన్ని నిర్ణయించేది A ని P తో భాగిస్తే వచ్చేది. దాన్నే మనం హైడ్రాలిక్ రేడియస్ అంటాం, R అని రాస్తాం. ఆ తర్వాత వచ్చిన మ్యానింగ్ సూత్రంలోనూ ఉన్నది అదే R.

V = (1/n) R^(2/3) S^(1/2)

Q = A × V

ఇందులో n గరుకుతనం, S వాలు. ఈ రెండూ మన చేతిలో లేవు అనుకుందాం. n కాంక్రీటును బట్టి వస్తుంది, S నేలను బట్టి వస్తుంది. వైశాల్యం కూడా ఇంతే అని బిగించేశాం అనుకోండి. ఇక మిగిలింది ఏమిటి? P ఒక్కటే. P ఎంత తగ్గితే R అంత పెరుగుతుంది, అదే వైశాల్యంలో అంత ఎక్కువ నీరు పారుతుంది. రేకు ఆటలో చుట్టుకొలత బిగించి వైశాల్యం పెంచాం. ఇక్కడ వైశాల్యం బిగించి చుట్టుకొలత తగ్గిస్తున్నాం. ఒకే లెక్కకు ఇవి రెండు వైపులు, జవాబు ఒక్కటే.

బోర్డు మీద రాస్తాను.

A = b y

P = b + 2y = A/y + 2y

ఇక్కడ దాదాపు అందరూ వెంటనే డిఫరెన్షియేషన్ మొదలుపెడతారు. చేద్దాం, తప్పు లేదు. కానీ దానికంటే ముందు ఆ రెండు పదాలను కాసేపు చూడండి. మొదటి పదం A/y, అంటే అడుగు. రెండో పదం 2y, అంటే రెండు గోడలు. రెండింటినీ గుణించండి. y కొట్టుకుపోతుంది, 2A మిగులుతుంది. A మారదు కాబట్టి 2A కూడా మారదు. అంటే మన దగ్గర రెండు సంఖ్యలున్నాయి, వాటి లబ్ధం స్థిరం, మొత్తం వీలైనంత తక్కువ కావాలి. ఎప్పుడు అవుతుంది?

లబ్ధం 36 అనుకోండి. 3, 12 తీసుకుంటే మొత్తం 15. 4, 9 తీసుకుంటే 13. 6, 6 తీసుకుంటే 12. రెండూ సమానమైనప్పుడే మొత్తం అతి తక్కువ. ఎప్పుడూ అంతే. కాబట్టి అడుగు, రెండు గోడల మొత్తానికి సమానం కావాలి.

b = 2y

అయిపోయింది. సగం ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా? అడుగు ఒక్కటి, గోడలు రెండు. అడుగుకు వచ్చిన వాటానే గోడలు ఇద్దరు అన్నదమ్ముల్లా పంచుకోవాలి. అందుకే ఒక్కో గోడ వెడల్పులో సగం అయింది. ఆ "సగం" గోడలు రెండు కావడం వల్ల వచ్చింది.

కాలిక్యులస్ దారిలో చేస్తే dP/dy = −A/y² + 2. దీన్ని సున్నా చేస్తే A = 2y², అంటే b y = 2y², అంటే b = 2y. రెండో అవకలనం 2A/y³, ధనాత్మకం, కాబట్టి ఇది కనిష్ఠమే. ఇక్కడ విద్యార్థులు చేసే పొరపాటు ఒకటి ఉంది. b ని A/y గా మార్చకుండా నేరుగా b + 2y ని డిఫరెన్షియేట్ చేస్తారు. అప్పుడు 2 వస్తుంది, అది ఎప్పటికీ సున్నా కాదు, అక్కడే ఆగిపోతారు. వైశాల్యం మారకూడదన్న షరతును మరచిపోవడమే అక్కడి తప్పు. లోతు పెంచితే వెడల్పు దానంతట అదే తగ్గాలి.

మరో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైన దారి. నీటి ఉపరితలం మీద అద్దం పెట్టారనుకోండి. కాలువ ప్రతిబింబం పైకి కనిపిస్తుంది. అసలూ ప్రతిబింబమూ కలిస్తే నాలుగు వైపులా మూసిన దీర్ఘచతురస్రం అవుతుంది. వెడల్పు b, ఎత్తు 2y. వైశాల్యం రెట్టింపు, చుట్టుకొలత కూడా రెట్టింపు. మూసిన దీర్ఘచతురస్రాల్లో ఒకే వైశాల్యానికి అతి తక్కువ చుట్టుకొలత దేనిది? చతురస్రానిది. ఇది మీకు హైస్కూలు నుంచీ తెలుసు. కాబట్టి b, 2y సమానం. మన కాలువ చతురస్రంలో కింది సగం. "చతురస్రం ఎందుకు కాకూడదు" అని ఇందాక అడిగాను కదా. అవుతుంది, పైన కూడా గోడ ఉంటే. పైన గోడ లేదు, గాలి ఉంది.

ఆకారం ఏదైనా కావచ్చు అంటే అర్ధవృత్తం దీనికంటే మంచిది. అదే వైశాల్యానికి మన ఉత్తమ దీర్ఘచతురస్రం చుట్టుకొలత అర్ధవృత్తం కంటే సుమారు 13 శాతం ఎక్కువ. కానీ వంపు అచ్చులు కట్టి కాంక్రీటు పోయడం ఎంత కష్టమో సైటులో ఉన్న వారికి నేను చెప్పనక్కర లేదు. ఒక విషయం మాత్రం గమనించండి. నీటి ఉపరితలం మధ్యలో కేంద్రం పెట్టి, y వ్యాసార్ధంతో అర్ధవృత్తం గీస్తే అది మన కాలువ అడుగునూ రెండు గోడలనూ తాకుతుంది. b = 2y అయితేనే తాకుతుంది.

ఇప్పుడు ఒక కాలువ కడదాం. సెకనుకు 2 ఘనపు మీటర్ల నీరు పోవాలి, మన లెక్కలో సుమారు 70 క్యూసెక్కులు. వాలు వెయ్యికి ఒకటి. కాంక్రీటు, n = 0.015. ఉత్తమ సెక్షన్ అయితే A = 2y², R = y/2. మ్యానింగ్ సూత్రంలో వేస్తే Q = 2.656 y^(8/3) వస్తుంది. Q బదులు 2 పెట్టి లెక్క కడితే y = 0.90 మీటర్లు. b = 1.80 మీటర్లు. సరిచూద్దాం. వైశాల్యం 1.62 చదరపు మీటర్లు, తడి చుట్టుకొలత 3.60 మీటర్లు, R = 0.45. వేగం సెకనుకు 1.24 మీటర్లు. గుణిస్తే 2. సరిపోయింది. కాంక్రీటు కాలువకు ఆ వేగం ఇబ్బంది పెట్టదు.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. నా ఉద్యోగం తొలి ఏళ్లలో ఇలాంటి చిన్న లైనింగు కాలువ ఒకటి తనిఖీకి వెళ్లాను. నిండుగా వదిలితే నీరు గోడ అంచు దాకా వచ్చేస్తోంది. చివరి పొలాల వారు మాకు నీరు అందడం లేదని గొడవ పెడుతున్నారు. అందరూ పూడిక అన్నారు. అడుగు గీయించి చూస్తే పూడిక లేదు. టేపు పెట్టి కొలిచాను. వెడల్పు 1.80, గోడ ఎత్తు 0.90. మీకు అర్థమైందా ఏమైందో? వేసిన వారు b = 2y లోని y ని గోడ ఎత్తు అనుకున్నారు. y అంటే నీటి లోతు! గోడ ఎత్తు అంటే నీటి లోతుతో పాటు పైన వదిలే ఫ్రీబోర్డు కూడా. ఆ 0.90లోనే 30 సెంటీమీటర్లు ఫ్రీబోర్డుగా వదిలితే నీటికి మిగిలింది 0.60. ఆ లోతులో ఎంత పోతుంది? వైశాల్యం 1.08, చుట్టుకొలత 3.00, R = 0.36. లెక్క వేస్తే 1.15 ఘనపు మీటర్లు. రెండు పోవాల్సిన చోట 1.15! లోతు మూడో వంతు తగ్గితే నీరు నలభై శాతానికి పైగా తగ్గింది. వైశాల్యమూ వేగమూ రెండూ తగ్గాయి కాబట్టి అలా అయింది. పూడిక వల్లనా, గోడ కురచ కావడం వల్లనా అని తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర లేదు. టేపు చాలు.

ఫ్రీబోర్డు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఫ్రీబోర్డు కలిపితే ఉత్తమ నిష్పత్తి మారుతుందా అని అడుగుతారు. లైనింగు పొడవు b + 2y + 2F. ఆ 2F స్థిరం. స్థిరమైన దాన్ని కలిపితే కనిష్ఠం చోటు మారదు. కాబట్టి లైనింగు వరకు b = 2y అలాగే ఉంటుంది. తవ్వకం మాత్రం వేరు. తవ్వే వైశాల్యం A + bF. వెడల్పు ఎక్కువైతే నీటి పైన ఖాళీగా ఉండే భాగం కూడా తవ్వాలి. తవ్వకం ఒక్కటే చూస్తే కాలువ ఇంకాస్త సన్నగా, లోతుగా ఉండాలనిపిస్తుంది.

మరి సైటుల్లో మీరు చూసే కాలువలు లోతు తక్కువగా, వెడల్పుగా ఉంటాయి కదా? ఎందుకు? ఆ వెనక అమ్మాయి సరిగ్గా ఇదే అడుగుతోంది. మంచి ప్రశ్న అమ్మా.

రేకును మళ్లీ తలుచుకోండి. 10 మడిస్తే 200. 8 మడిస్తే 192. లోతు ఐదో వంతు తగ్గించినా పోయింది నాలుగు శాతమే. గరిష్ఠం దగ్గరైనా కనిష్ఠం దగ్గరైనా గీత దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. అక్కడి నుంచి కొంచెం జరిగితే నష్టం చాలా తక్కువ. మన కాలువనే జరిపి చూద్దాం. లోతు 0.90 కాకుండా 0.70 చేద్దాం. 2 ఘనపు మీటర్లు పోవాలంటే వెడల్పు 2.35 కావాలి. తడి చుట్టుకొలత 3.75. అంటే 15 సెంటీమీటర్ల లైనింగు పెరిగింది, నాలుగు శాతం. వైశాల్యం 1.62 నుంచి 1.645 అయింది, ఒకటిన్నర శాతం. ఇది మనం ఇచ్చింది.

మనకు వచ్చింది ఏమిటి? 30 సెంటీమీటర్ల ఫ్రీబోర్డు కలిపితే గోడ ఎత్తు 1.20 నుంచి 1.00కి దిగింది. కాలువ ఖాళీగా ఉన్నప్పుడు బయటి మట్టి గోడను లోపలికి తోస్తుంది. మట్టి గోడ అంచు దాకా ఉంటే గోడ మొదట్లో వచ్చే బెండింగ్ మూమెంటు ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 1.2 ఘనం 1.728. అంటే ఎత్తు 1.20 నుంచి 1.00కి తగ్గితే ఆ మూమెంటు 42 శాతం తగ్గుతుంది. నాలుగు శాతం లైనింగు ఇచ్చి 42 శాతం మూమెంటు తగ్గించుకున్నాం. ఉబ్బే నల్లరేగడి నేలలో గోడ పగుళ్లతో అవస్థ పడిన వారికి ఈ బేరం విలువ బాగా తెలుసు.

దీన్ని కూడా మన "సగం సగం" మాటలోనే చెప్పవచ్చు. అడుగు మీటరుకు ఒక ధర, గోడ మీటరుకు దానికి రెట్టింపు ధర అనుకోండి. ఇప్పుడు సమానం కావాల్సినవి పొడవులు కావు, ఖర్చులు. అడుగు ఖర్చు, రెండు గోడల ఖర్చుకు సమానం కావాలి. అప్పుడు b = 4y వస్తుంది. వైశాల్యం స్థిరం అనుకుని వేసిన లెక్క ఇది. నీరు స్థిరం అనుకుంటే అంకె కొద్దిగా మారుతుంది, కానీ దిశ మారదు.

అక్విడెక్టు అయితే కథ వేరు. కోనసీమలో వైనతేయ మీద గన్నవరం అక్విడెక్టు మీలో కొందరు చూసే ఉంటారు. నది మీదుగా కాలువను మోసుకెళ్లేది అక్విడెక్టు. అక్కడ ప్రతి చదరపు మీటరు నీటి కోతా, మీటరు పొడవుకు ఒక టన్ను బరువుగా స్తంభాల మీద పడుతుంది. వైశాల్యం తగ్గించడం అక్కడ నిజంగా లాభం. పైగా కాంక్రీటు తొట్టె రకం కట్టడాల్లో పక్క గోడలే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూలాలుగా పనిచేస్తాయి. దూలానికి లోతు ఉంటే బలం. కాబట్టి నేల మీద మనల్ని వెడల్పు వైపు తోసిన కారణం అక్కడ తలకిందులవుతుంది.

ఇంకొక హద్దు. ఈ సెక్షన్ ఒకే ఒక్క లోతు దగ్గర ఉత్తమం. మన 1.80 వెడల్పు కాలువలో సగం నీరు, అంటే 1 ఘనపు మీటరు వదిలితే లోతు సుమారు 0.54 దగ్గర నిలుస్తుంది. అప్పుడు వెడల్పు లోతుకు మూడు రెట్లకు పైనే. నీరు మారితే నిష్పత్తి మారుతుంది, గోడలు మాత్రం కదలవు. కాబట్టి ఏ ప్రవాహానికి డిజైన్ చేస్తున్నారో ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు మిమ్మల్ని కొన్ని అడుగుతాను. పుస్తకం చూడకుండా, డిఫరెన్షియేషన్ లేకుండా చెప్పాలి. కాలువ మధ్యలో నిలువుగా ఒక గోడ కట్టి రెండు పాయలు చేశాను. ఒక పాయ మూసి మరమ్మతు చేసుకోవచ్చని అలా కట్టాను. రెండు పాయల్లోనూ నీరు పారుతున్నప్పుడు, మధ్య గోడ మందం వదిలేస్తే, మొత్తం వెడల్పుకూ లోతుకూ ఉత్తమ నిష్పత్తి ఎంత?

మూడు అంటున్నారు ఎవరో. ఎవరమ్మా? ఎలా వచ్చింది? "గోడలు మూడు కాబట్టి" అంటోంది. సగానికి సగం తప్పు. మధ్య గోడకు రెండు ముఖాలు, రెండూ తడుస్తాయి. అటు పాయ ఒకవైపు రాస్తుంది, ఇటు పాయ ఇంకోవైపు రాస్తుంది. తడిసే ముఖాలు నాలుగు. కాబట్టి b = 4y. విడిగా చూసినా అదే వస్తుంది. ఒక్కో పాయ వెడల్పు లోతుకు రెట్టింపు, రెండు పాయలు కలిస్తే నాలుగు రెట్లు. గోడలను కాదు, తడిసే ముఖాలను లెక్కపెట్టాలి.

రెండోది. రోడ్డు కింద బాక్సు కల్వర్టు. పై స్లాబును తాకేలా నిండుగా పారుతోంది. ఇప్పుడు? అవును, అడ్డంగా తడిసేవి రెండు, నిలువుగా తడిసేవి రెండు. 2b, 2y సమానం. చతురస్రం. ఇందాక అద్దంలో చూసిన చతురస్రమే ఇక్కడ కాంక్రీటులో కనిపిస్తోంది.

మూడోది కొంచెం కష్టం. గోడలు నునుపైన కాంక్రీటు, n = 0.015. అడుగు మాత్రం రాళ్లతో గరుకుగా వదిలేశారు, n = 0.025. ఇప్పుడు అడుగు ఒక మీటరు, గోడ ఒక మీటరు సమానంగా ఆపవు. గరుకుతనాలను కలిపే వాడుక సూత్రాల్లో ఒకదాని ప్రకారం ప్రతి భాగం పొడవునూ n^1.5 తో గుణించి కలుపుతారు. కాబట్టి సమానం కావాల్సినవి ఇవి:

b × 0.025^1.5 = 2y × 0.015^1.5

మొదటి n రెండో దానికి 1.67 రెట్లు. దాని 1.5 ఘాతం 2.15. అంటే b = 2y/2.15, సుమారు 0.93 y. కాలువ వెడల్పు కంటే లోతే ఎక్కువ అయింది! గరుకు అడుగును వీలైనంత తక్కువ తాకాలని నీరు నునుపు గోడల వైపు జరిగినట్టుంది. ఇందులోనూ ఆపే నిరోధంలో అడుగుది సగం, గోడలది సగం. గరుకు అడుగు తన సగాన్ని తక్కువ వెడల్పులోనే తీసేసుకుంది.

ఆ లెక్కనే తిరగేసి ఇంటికి తీసుకెళ్లండి. అడుగు నునుపు, గోడలు రాతి కట్టుబడి అయితే b ఎంత? అదే n లు వేసుకోండి, వెడల్పు లోతుకు నాలుగు రెట్ల పైన రావాలి. రాకపోతే ఏ వైపు n ఎక్కడ వేశారో మళ్లీ చూసుకోండి. ఇక ప్రశ్నలు అడగవచ్చు.